ధర ఉచితం, నిల్వల లెక్కకు చందా: ఒక్క పంట మీద పెయిడ్ న్యూస్‌లెటర్

చైనా రాజకీయాలు, ఆర్థిక వ్యవహారాల మీద ‘సైనోసిజం’ అనే ఈమెయిల్ న్యూస్‌లెటర్‌ను బిల్ బిషప్ కొన్నేళ్ల పాటు ఉచితంగానే పంపారు. 2017 అక్టోబరులో దానికి చందా పెట్టారు. అప్పుడే పుట్టిన న్యూస్‌లెటర్ వేదిక సబ్‌స్టాక్‌లో అదే తొలి పెయిడ్ న్యూస్‌లెటర్. నెలకు 11 డాలర్లు, ఏడాదికి 118. మొదటి రోజే ఆరంకెల ఆదాయం వచ్చిందని సబ్‌స్టాక్ స్థాపకులు తర్వాత చెప్పుకున్నారు. ఈ కథ విన్నవాళ్లకు ఆ మొదటి రోజే గుర్తుంటుంది, దాని వెనకున్న ఏళ్లు గుర్తుండవు. చందా పెట్టేనాటికే ఆయన జాబితాలో దాదాపు 30 వేల మంది ఉన్నారు. వచ్చింది సరిగ్గా లక్ష డాలర్లే అనుకున్నా, వార్షిక చందా లెక్కన అది 850 మంది కట్టిన డబ్బు. అంటే చదివేవాళ్లలో వందకు ముగ్గురు కూడా కాదు. మిగతా 97 మందికి ఏం పంపాలన్నది కూడా ఆయన ముందే తేల్చుకున్నారు. వాళ్లకు వారానికి ఒక సంచిక, డబ్బు కట్టినవాళ్లకు వారంలో నాలుగు.

చందా న్యూస్‌లెటర్ పెట్టాలనుకునే ఎవరికైనా అసలు చిక్కు ఆ విభజన దగ్గరే వస్తుంది. దేన్ని ఉచితంగా వదలాలి, దేనికి డబ్బు అడగాలి? చైనాను అక్కడే ఉంచి, మనకు బాగా తెలిసిన గుంటూరు మిర్చి మీద ఒక న్యూస్‌లెటర్ పెడితే ఎలా ఉంటుందో లెక్క వేసి చూద్దాం.

‘వ్యవసాయం’ అని పెట్టుకుంటే అది పత్రికల పని. ‘సుగంధ ద్రవ్యాలు’ అన్నా ఇంకా వెడల్పే. మిర్చి అంటే సరిపోతుంది. అయితే అంశాన్ని చిన్నది చేసుకుంటే సగం పనే అయినట్టు, చదివేది ఎవరో కూడా తేల్చుకోవాలి. మిర్చి రైతుకు కావలసింది వేరు, మిర్చి ఎగుమతిదారుకు కావలసింది వేరు. రైతుకు నల్ల తామర పురుగు ఎప్పుడు వస్తుంది, ఏ మందు కొట్టాలి, కోసిన కాయ ఇప్పుడే అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అన్నది కావాలి. ఎగుమతిదారుకు, కారం మిల్లుకు, మిర్చి సారమైన ఓలియోరెసిన్ తీసే కంపెనీకి కావలసింది తేజ, 334, బాడిగ రకాల్లో ఏ గ్రేడు సరుకు ఎంత ఉంది, ఎక్కడుంది, ఎప్పుడు బయటికి వస్తుంది అన్న లెక్క. రెండూ ఒకే ఉత్తరంలో పెడితే ఇద్దరూ సగం చదివి వదిలేస్తారు. చందా నిలబడేది రెండో గుంపు మీదే. వాళ్లలో డబ్బు కట్టేది మనిషి కాదు, సంస్థ. క్వింటాలుకు వంద రూపాయలు అటూ ఇటూ అయినా వంద టన్నుల కొనుగోలులో లక్ష రూపాయల తేడా. అలాంటి చోట ఏడాదికి కొన్ని వేల చందా ఆఫీసు ఖర్చుల్లో కలిసిపోతుంది. రైతు దగ్గర ఆ కొన్ని వేలు అడగడం కష్టం, అడగక్కర్లేదు కూడా. ఆయన ఉచిత పాఠకుడిగా ఉంటేనే న్యూస్‌లెటర్‌కు ఎక్కువ మేలు. ఎందుకో తర్వాత చూద్దాం.

ముందు ఉచితం సంగతి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు సహజంగా తట్టే ఆలోచన ఒకటుంది: రోజువారీ ధరలు అందరికీ కావాలి కాబట్టి వాటికి డబ్బు పెడదాం, వ్యాసాలు ఉచితంగా ఇద్దాం. ఇది తలకిందుల లెక్క. యార్డులో ఇవాళ తేజ ఎంత పలికిందో మధ్యాహ్నానికల్లా కమిషన్ ఏజెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. మర్నాడు పేపర్లో వస్తుంది. ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్‌లో రోజూ పెడతారు. పది చోట్ల ఊరికే దొరికేదానికి డబ్బు అడిగితే చదివేవాడు నవ్వుకుంటాడు. ధర ఉచితంగానే ఉండాలి, అదీ పట్టిక రూపంలో శుభ్రంగా, కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన ఏసీ సరుకు, నేరుగా వచ్చిన నాన్ ఏసీ సరుకు విడివిడిగా, డీలక్స్, మీడియం, తాలు వేరువేరుగా. మిగతా చోట్ల ‘కనిష్ఠం, గరిష్ఠం’ అని రెండంకెలే వస్తాయి కాబట్టి, ఇలా విడదీసి ఇవ్వడం వల్లే జనం ఆ ఉత్తరాన్ని వెతుక్కుంటూ వస్తారు.

డబ్బు అడగదగ్గది ఇంకెక్కడా దొరకని లెక్క. మిర్చిలో అది కోల్డ్ స్టోరేజీ నిల్వలు. కోత సీజన్లో యార్డుకు వచ్చినదంతా అప్పుడే అమ్ముడుపోదు. ధర నచ్చని రైతు, ముందుచూపున్న వ్యాపారి టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, ఏసీల్లో పెడతారు. ఆ తర్వాత నెలల్లో ధర ఎటు పోతుందన్నది ఆ గోదాముల్లో ఎంత మిగిలి ఉందన్న దాని మీద చాలావరకు ఆధారపడుతుంది. మొత్తం నిల్వ ఇంతని అంకెలు చాలా వినిపిస్తాయి కానీ వాటిలో చెప్పినవాడి ఆశ కూడా కలిసి ఉంటుంది. సరుకు పట్టుకుని కూర్చున్నవాడు నిల్వ తక్కువంటాడు, కొనాలనుకున్నవాడు ఎక్కువంటాడు.

న్యూస్‌లెటర్ నడిపేవారు దీన్ని ఎలా పట్టుకోవచ్చంటే, అన్ని గోదాములనూ లెక్కించాలని చూడకూడదు, అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. గుంటూరు, చుట్టుపక్కల ఊళ్లు కలిపి ఒక ఇరవై కోల్డ్ స్టోరేజీలను ఎంచుకోవాలి. పెద్దవి, చిన్నవి, రైతుల సరుకు ఎక్కువుండేవి, వ్యాపారుల సరుకు ఎక్కువుండేవి అన్నీ కలవాలి. ప్రతి పదిహేను రోజులకూ అవే ఇరవైకి ఫోన్ చేసి, లోపలికి ఎన్ని టిక్కీలు వచ్చాయి, బయటికి ఎన్ని పోయాయి, అందులో తేజ ఎంత అని అడగాలి. మొత్తం నిల్వ ఎంతో ఈ లెక్క చెప్పదు. కానీ అవే ఇరవైలో నిల్వ గత పక్షం కన్నా తగ్గిందా, నిరుడు ఇదే సమయానికి ఉన్నదాని కన్నా వేగంగా కరుగుతోందా అన్నది నమ్మకంగా చెబుతుంది. కొనేవాడికి కావలసింది అదే. పేర్లు బయట పెట్టబోమని ఆ ఇరవై మందికి మాటివ్వాలి, బదులుగా వాళ్లకు న్యూస్‌లెటర్ ఉచితంగా పంపాలి. ఒక ఏడాది గడిస్తేగానీ నిరుటితో పోల్చే అవకాశం రాదు. పోటీగా ఇంకొకరు వచ్చినా ఆ ఏడాదిని కొనుక్కోలేరు.

ఇక వారానికి ఏం పంపాలో చూద్దాం. శనివారం ఉచిత సంచిక: ఆ వారం యార్డుకు సరుకు రాబడి, ధరల పట్టిక, ఒక చిన్న వివరణ. తేజకు పలికే ధర 334కు ఎందుకు పలకదు, బాడిగను ఘాటు కోసం కాకుండా రంగు కోసం ఎందుకు కొంటారు, తేమ ఎక్కువున్న కాయ ఏసీలో ఏమవుతుంది, ఇలాంటివి. మంగళవారం పెయిడ్ సంచిక: ఒక వారం నిల్వల లెక్క, మరో వారం ఎగుమతి గిరాకీ ఏ రకం మీద ఉందన్న సమాచారం, వర్షాకాలంలో అయితే నాట్లు ఏ జిల్లాలో ఎలా పడ్డాయన్న విచారణ. ఖమ్మం, వరంగల్ మార్కెట్లనూ, కర్ణాటకలో బాడిగ వైపునూ కలుపుకోకపోతే ఈ చిత్రం పూర్తి కాదు.

అమెరికా టెక్ కంపెనీల వ్యూహాలపై బెన్ థాంప్సన్ నడిపే ‘స్ట్రాటెక్రీ’ కూడా ఇలాంటి విభజనే చేసుకుంది. 2014లో నెలకు 10 డాలర్లు, ఏడాదికి 100 డాలర్ల చందాతో మొదలైంది. వారానికొక పెద్ద వ్యాసం అందరికీ ఉచితం, రోజువారీ విశ్లేషణలు చందాదారులకు. అందులో గమనించాల్సింది, బాగా శ్రమపడి రాసిన పెద్ద వ్యాసమే ఉచితంగా ఇవ్వడం. అది నలుగురూ పంచుకునేది, కొత్తవాళ్లను తెచ్చేది. డబ్బు కట్టించేది మాత్రం రోజూ పనికొచ్చే అలవాటు. మంచిదాన్ని దాచుకుని, మిగిలిపోయినదాన్ని ఊరికే పంచితే కొత్తవాళ్లు ఆ మిగిలిపోయినదాన్ని చూసే అంచనా వేస్తారు.

పెయిడ్ సంచికను ఉచిత పాఠకులకు కొంత చూపించి ఆపడం మామూలే. ఎక్కడ ఆపాలన్నదే తెలుసుకోవాలి. ‘నిల్వలు ఈ పక్షం అనూహ్యంగా...’ అని రాసి అక్కడ తెర దించితే సీరియల్ చూసినట్టుంటుంది, చిరాకు పుడుతుంది. ‘మేము గమనించే గోదాముల్లో తేజ నిల్వలు గత పక్షం కన్నా తగ్గాయి’ అని విషయం పూర్తిగా చెప్పేసి, ఎంత తగ్గాయి, రైతు సరుకా వ్యాపారి సరుకా, నిరుటితో పోలిస్తే ఎలా ఉంది అన్నవి చందాదారులకు ఉంచాలి. ఊరికే చదివేవాడికి వార్త అందుతుంది. కొనుగోలు నిర్ణయం చేసేవాడికి అది చాలదు.

ఇంకో మెలిక ఉంది. రెండు నెలలు దాటిన పెయిడ్ సంచికలను అందరికీ తెరిచేయొచ్చు. అన్ని అంశాల్లోనూ ఇది కుదరదు. పోటీ పరీక్షల నోట్సు లాంటివైతే పాతదీ కొత్తదీ ఒకటే విలువ, తెరిస్తే చందా ఎవరూ కట్టరు. మిర్చి నిల్వల లెక్క రెండు నెలల్లో పాతబడిపోతుంది, కొనుగోలుకు పనికిరాదు. కానీ అప్పుడు చెప్పింది తర్వాత నిజమైందా లేదా అని ఎవరైనా సరిచూసుకోవచ్చు. తప్పిన అంచనాలను కూడా తీసేయకుండా అలాగే ఉంచాలి. చందా కట్టాలా వద్దా అని ఊగిసలాడే ఎగుమతిదారుకు ఏ ప్రకటనా ఇంత పని చేయదు.

ఇప్పుడు డబ్బు లెక్క. ఉచిత పాఠకుల్లో 5 నుంచి 10 శాతం మంది చందాదారులవుతారని సబ్‌స్టాక్ చెబుతూ వచ్చింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అందులో సగం కూడా ఆశించకపోవడమే క్షేమం. జాబితాలో 2,000 మంది, అందులో 3 శాతం అంటే 60 మంది చందాదారులు అనుకుందాం. నెలకు 200 రూపాయలైతే ఏడాదికి మొత్తం 1,44,000. నెలకు 12 వేలు. ఇరవై గోదాములకు ఫోన్లు, యార్డుకు తిరుగుళ్లు, వారానికి రెండు సంచికలు, ఇదంతా ఆ 12 వేలకు. అదే 60 మందికి ఏడాదికి 6,000 పెడితే 3,60,000. వాళ్లలో పది సంస్థలు, అయిదుగురు ఉద్యోగులు చదువుకునే గ్రూపు చందా 20,000కు తీసుకుంటే మిగతా యాభై మందితో కలిపి 5 లక్షలు. పాఠకుల సంఖ్య మారలేదు, అడిగిన ధర మారింది. ఇంత చిన్న అంశానికి పాఠకులు ఎప్పటికీ లక్షల్లో ఉండరు కాబట్టి, సినిమా యాప్ చందాలతో పోల్చుకుని ధర పెట్టడం మొదటి రోజే ఓడిపోవడం.

నెలవారీ చందా ఇవ్వాలా అన్నది మిర్చి విషయంలో తేలికైన ప్రశ్న, ఇవ్వకూడదు. నెలకు వందలో అయిదుగురు మానేస్తే ఏడాది తిరిగేసరికి మొదటి వందలో 54 మందే మిగులుతారు. పైగా ఇది సీజన్ పంట. రాబడి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా జోరుగా ఉంటుంది, ఎండాకాలంలో యార్డుకు సెలవులిస్తారు. నెలవారీ చందా కట్టినవాడు ఆ సెలవుల్లో మానేస్తాడు, మళ్లీ కోతలప్పుడు చేరతాడో లేదో తెలియదు. నిల్వల లెక్క అసలు పనికొచ్చేది యార్డు సద్దుమణిగాకే అని అతనికి అప్పటికి అర్థం కాదు. వార్షిక చందా ఒక పూర్తి చక్రాన్ని చూపిస్తుంది. మొదలుపెట్టే సమయం కూడా దీన్ని బట్టే. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఉచితంగా మొదలుపెట్టి, కొత్త పంట రాకముందే పాఠకులకు అలవాటు చేసి, జనవరిలో చందా తెరవడం మేలు. మే నెలలో తెరిస్తే పలికేవాడుండడు.

పాఠకులు ఎక్కడి నుంచి వస్తారు? ఇక్కడే రైతు, కమిషన్ ఏజెంటు పనికొస్తారు. శనివారం ధరల పట్టికను వాళ్లు గ్రూపుల్లో ఫార్వర్డ్ చేస్తారు, అది కొనుగోలుదారుల దాకా వెళ్తుంది. అందుకే ఆ పట్టికను ఫోన్ తెరలో పట్టే ఒకే బొమ్మగా కూడా చేసి, కింద సైనప్ లింకు రాసి పెట్టాలి. ఫేస్‌బుక్ ప్రకటనలతో వేయిమందిని తేవచ్చు కానీ వాళ్లలో మిర్చి కొనేవాళ్లు ఎంతమందో చెప్పలేం. దానికన్నా కోల్డ్ స్టోరేజీ యజమాని ఒకరు తన దగ్గర సరుకు పెట్టిన వ్యాపారికి ‘ఇది చూడు’ అని పంపడం నయం. పెరుగుతోందా లేదా అని తెలుసుకోవడానికి ఓపెన్ రేటును నమ్ముకోకూడదు. 2021 సెప్టెంబరులో యాపిల్ తన మెయిల్ యాప్‌లో బొమ్మలను ముందే లోడ్ చేయడం మొదలుపెట్టినప్పటి నుంచి, తెరవని ఉత్తరం కూడా తెరిచినట్టు నమోదవుతోంది. నమ్మదగ్గ గుర్తు జవాబులు. ‘ఈ వారం లెక్క ఇంకా రాలేదేం?’ అని ఇద్దరు ముగ్గురు అడిగారంటే చందా పెట్టే సమయం వచ్చిందన్నమాట.

పెయిడ్ సంచికలు కూడా వాట్సాప్‌లో తిరుగుతాయి, అది ఆపలేం. పీడీఎఫ్‌గా పంపితే మరీ సులువు కాబట్టి ఈమెయిల్‌లోనే పంపి, పైన చందాదారు పేరు పెడితే కొంత వెనకాడతారు. ఒకే సంస్థలో అయిదుగురు చదువుతున్నారని తెలిస్తే తగవు పెట్టుకోవడం దండగ. గ్రూపు చందా సంగతి మర్యాదగా గుర్తుచేస్తే చాలు.

డబ్బు వసూలు చేయడం మన దేశంలో కాస్త తలనొప్పి వ్యవహారమే. సబ్‌స్టాక్ పది శాతం తీసుకుంటుంది, చెల్లింపులు స్ట్రైప్ ద్వారా నడుస్తాయి. స్ట్రైప్ 2024 నుంచి భారత్‌లో కొత్త ఖాతాలను ఆహ్వానం ఉన్నవారికే ఇస్తోంది. దాంతో ఇక్కడివాళ్లు చాలామంది రేజర్‌పే లాంటి గేట్‌వేతో విడిగా వసూలు చేసి, పేర్లను జాబితాలో చేర్చుకుంటారు. ప్రతి ఏటా కార్డు నుంచి దానంతట అదే డబ్బు తెగేలా పెట్టడానికి రిజర్వ్ బ్యాంక్ ఈ-మ్యాండేట్ నిబంధనలు వర్తిస్తాయి. 24 గంటల ముందు వినియోగదారుకు సమాచారం వెళ్లాలి, 15 వేల రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. అంటే 20 వేల గ్రూపు చందా దానంతట అదే రెన్యూ కాదు. దాని కోసం ఇన్‌వాయిస్ పంపి, అకౌంట్స్ వాళ్లకు రెండుసార్లు ఫోన్ చేయాల్సిందే. ఏటా టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అయితే కంపెనీలు జీఎస్టీ బిల్లు అడుగుతాయి కాబట్టి ముందే తీసుకునేవాళ్లూ ఉన్నారు. మిర్చి బదులు షేర్ల మీద పెట్టాలనుకునేవాళ్లు మాత్రం జాగ్రత్త. ఏ షేరు కొనాలో డబ్బు తీసుకుని చెప్పాలంటే సెబీ దగ్గర రీసెర్చ్ అనలిస్ట్‌గా నమోదు కావాలి.

తెలుగులో రాసేవాళ్లకు ఒక సాంకేతిక ఇబ్బంది ఉంది, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. ఉత్తరం దాదాపు 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ మిగతాది కత్తిరించి, పూర్తిగా చూడటానికి ఒక లింకు పెడుతుంది. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు తీసుకుంటే తెలుగులో ప్రతి అక్షరం, ప్రతి గుణింతపు గుర్తు మూడేసి బైట్లు తీసుకుంటాయి. దానికి టెంప్లేట్ కోడ్ బరువు, పెద్ద పట్టిక తోడైతే, ఇంగ్లిష్‌లో హాయిగా పట్టే సంచిక తెలుగులో చివర తెగిపోతుంది. తెగేది సాధారణంగా చివర్లో పెట్టిన చందా బటనే. పట్టికను బొమ్మగా పెట్టి, బటన్‌ను మధ్యకు తెస్తే సరిపోతుంది. ఉత్తరం అసలు పంపినవారి నుంచే వచ్చిందని చూపే SPF, DKIM, DMARC లను డొమైన్‌కు సెట్ చేయకపోతే ఉత్తరాలు స్పామ్‌లో పడే అవకాశం ఎక్కువ. రోజుకు 5,000కు మించి జీమెయిల్ చిరునామాలకు పంపేవారికి 2024 ఫిబ్రవరి నుంచి ఇవి తప్పనిసరి. వంద రాబడి అంకెల మధ్య ఇదంతా ఎందుకనిపిస్తుంది కానీ, డబ్బు కట్టినవాడికి ఉత్తరం అందకపోతే అతను స్పామ్ ఫోల్డర్ చూడడు, రిఫండ్ అడుగుతాడు.

రిఫండ్ మాట వచ్చింది కాబట్టి వార్షిక చందాల్లో ఉన్న ఒక బరువు కూడా చెప్పుకోవాలి. జనవరిలో వచ్చిన 5 లక్షలు జనవరి సంపాదన కాదు, పన్నెండు నెలల పని కోసం ముందే తీసుకున్న అప్పు లాంటిది. నడిపేవారికి జబ్బు చేసి మే నెలాఖరులో ఆగిపోతే ఇంకా ఏడు నెలల సంచికలు బాకీ, అంటే దాదాపు 2,92,000 వెనక్కి ఇవ్వాలి. చాలామంది ఆ డబ్బును అప్పటికే ల్యాప్‌టాప్‌కో ఇంటి అద్దెకో పెట్టేసి ఉంటారు. ప్రత్యేకంగా ఒక ఖాతా తెరిచి, వచ్చిన చందానంతా అందులో వేసి, నెలనెలా పన్నెండో వంతు మాత్రమే బయటికి తీసుకోవాలి. ఏడాదిలో ఏయే వారాలు సంచిక ఉండదో, యార్డు సెలవులతో కలిపి, చందా పేజీలోనే ముందుగా రాసిపెట్టుకోవాలి.